తెగిన వాచీ చార్జర్‌ను పారేయకండి, కొత్తది కొనడానికి అదే ఆధారం

మా తమ్ముడు బెంగళూరులో, మారతహళ్లి పీజీలో ఉంటాడు. వాడి ఫిట్‌నెస్ బ్యాండ్ చార్జర్ వైరు మొదలు దగ్గర తెగింది. ఎస్పీ రోడ్డుకి వెళ్తే కొట్టతను రెండు వైర్లు ముందు పెట్టి, "ఏదైనా ఒకటే సార్" అన్నాడు. రెండిటికీ రెండేసి పిన్నులు, రెండిటికీ అయస్కాంతం. కానీ ఒకటే కాదు.

బ్యాండులో ఫోనుకున్నట్టు టైప్-సి సాకెట్ పెట్టడానికి చోటు తక్కువ. పెట్టినా చెమట, నీళ్లు దిగకుండా చూసుకోవాలి. అందుకే వెనక రెండు లోహపు చుక్కలు పెట్టి, వైరును అయస్కాంతంతో పట్టిస్తారు. ఆ చుక్కల మధ్య ఎంత దూరం ఉండాలి, ఏది ప్లస్, ఏది మైనస్ అన్నదానికి అందరూ పాటించే ప్రమాణం లేదు. ఒకే కంపెనీలో రెండు మోడళ్లకు కూడా కుదరకపోవచ్చు.

ముందు దూరం చూడండి. ఒక చుక్క నడిమి నుంచి రెండో దాని నడిమికి స్కేలుతో కొలవండి. బజార్లో ఎక్కువగా దొరికేవి 2.84, 4 మిల్లీమీటర్లవి. 3కి కాస్త తక్కువ వస్తే మొదటిది. తమ్ముడిది అదే, కాబట్టి కొట్టతను చూపిన రెండిటిలో ఒకటి అక్కడే పక్కకు పోయింది.

అసలు చిక్కు ప్లస్, మైనస్‌లతో. అవి తారుమారైతే వాచీ చార్జ్ కాదు, లోపలి సర్క్యూట్ పాడైనా పాడవ్వొచ్చు. ఇక్కడే తెగిన వైరు పనికొస్తుంది. దాన్ని వాచీకి అతికించి, బటన్ వైపున్న పిన్నుకి పెన్నుతో గుర్తు పెట్టండి. తర్వాత వాచీ నుంచి తీసి, యూఎస్‌బీ తలలో ఇటు చివర, అటు చివర ఉన్న రేకుల్లో ఏది ఆ పిన్నుకి కలుస్తుందో మల్టీమీటర్‌ను కంటిన్యుటీలో, అంటే తీగ కలిసి ఉంటే మోగే సెట్టింగులో, పెట్టి చూడండి. బీప్ వినిపించాలి. గుర్తు పెట్టిన పిన్ను వైరే తెగిపోయి ఉంటే రెండో పిన్ను చూడండి, ఒకటి తేలితే చాలు. ఇప్పుడు కొత్త వైరునూ అలాగే అతికించి, గుర్తు పెట్టి తీసి, యూఎస్‌బీ తలను అదే వాటంలో పట్టుకుని చూడండి. అదే వైపు రేకు మోగాలి.

తమ్ముడు ఎంచుకున్నది ఎదుటి వైపు మోగింది. కొట్టతను గొణుక్కుంటూ ఇంకోటి తీశాడు, అది సరిపోయింది.

రెండు పిన్నుల వైరు ఎటు తిప్పినా అతుక్కుంటుంటే మాత్రం ఎంత చవకైనా వద్దు. నాలుగు పిన్నులవి, పిన్నులే లేని వైర్‌లెస్ రకాలు మీ మోడల్ పేరు చెప్పే కొనాలి. యాపిల్ వాచీ మామూలు ఫోన్ల వైర్‌లెస్ ప్యాడ్ మీద చార్జ్ కాదు.

అడాప్టర్ మామూలు 5 వోల్టులది చాలు, ఎంత కరెంటు కావాలో వాచీయే తీసుకుంటుంది. మొదటిసారి పది నిమిషాలు పక్కనే ఉండండి. చేయి పెట్టలేనంత వేడెక్కినా, చార్జింగ్ గుర్తు వచ్చి పోతున్నా తీసేయండి. వాచీ తీయగానే ప్లగ్గూ తీయండి. మా ఇంట్లో అలా వదిలేసిన వైరుకి తాళంచెవి వచ్చి అతుక్కుంది, రెండు పిన్నుల మీదా అడ్డంగా.