బ్యాంకు స్టేట్‌మెంట్‌లో బ్యాలెన్స్ తెగిపోతే: సమస్య, కారణం, పరిష్కారం

ఒడిశాలోని పర్లాకిమిడిలో చిన్న వ్యాపారులకు లోన్లు ఇచ్చే బ్రాంచిలో ఫైళ్లు చూడటం నా పని. పోయిన ఏడాది ఒక బియ్యం కొట్టు యజమాని 5 లక్షల లోన్‌కు అప్లై చేశారు. జతచేసిన సేవింగ్స్ ఖాతా స్టేట్‌మెంట్ 2025 ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఉంది. పైపైన చూస్తే అంతా శుభ్రంగానే కనిపించింది.

సమస్య: ఒక వరుస నుంచి తర్వాతి వరుసకు బ్యాలెన్స్ కుదరడం లేదు

ముందటి బ్యాలెన్స్‌కు జమ కలిపి ఖర్చు తీసేస్తే ఈ వరుస బ్యాలెన్స్ రావాలి. మొదటి, చివరి అంకెలు మాత్రమే చూసి వదిలేయకండి, ప్రతి వరుసా చూడాలి. పీడీఎఫ్‌ను ఎక్సెల్‌లోకి తెచ్చి, C లో ఖర్చు, D లో జమ, E లో బ్యాలెన్స్ రెండో వరుస నుంచి పెట్టి, F లో మూడో వరుసలో ఇది రాసి కిందికి లాగండి:

```
=ROUND(E2+D3-C3-E3,2)
```

అన్ని చోట్లా సున్నా రావాలి. కొన్ని బ్యాంకులు కొత్త లావాదేవీని పైన వేస్తాయి. అలాంటివాటిని ముందు పాతది పైన వచ్చేలా పూర్తిగా తలకిందులు చేసుకోవాలి, లేకపోతే మంచి స్టేట్‌మెంట్ కూడా తప్పుగా కనిపిస్తుంది.

ఈ ఫైల్లో ఒక్కచోటే సున్నా రాలేదు. మూడో పేజీ చివర బ్యాలెన్స్ 98,210. నాలుగో పేజీ మొదట్లో 2,000 ఖర్చు. మిగలాల్సింది 96,210, ఉన్నది 20,610. తేడా 75,600.

కారణం: ఎక్కడో ఒక సున్నా చేర్చారు

ఈ తేడాను 9తో భాగించాను. 8,400 వచ్చింది, శేషం లేదు. ఒక అంకె చివర సున్నా చేరిస్తే అది పదింతలవుతుంది, అంటే అసలుకు తొమ్మిదింతలు పెరుగుతుంది. అందుకే 84,000 జమ ఎక్కడుందా అని మూడో పేజీలో వెతికాను. ఆగస్టు 14న యూపీఐ జమ కనిపించింది. అంతకు ముందు బ్యాలెన్స్ 21,350, తర్వాత 1,05,350. అక్కడి నుంచి ఆ పేజీ చివరి దాకా బ్యాలెన్స్‌లన్నీ ఓపిగ్గా మార్చారు, పేజీ తిరిగాక మార్చలేదు. మార్చినవాళ్లు ఎక్కువగా దొరికేది పేజీ మారే చోటే, నేను మొదట అక్కడే చూస్తాను.

తేడా 9తో భాగించబడటం ఒక్కటే రుజువు కాదు. అంకెలు తారుమారుగా టైప్ అయినా అలాగే వస్తుంది. ఆ మొత్తం ఉన్న జమ కూడా దొరికితేనే అనుమానం బలపడుతుంది.

ఆ లావాదేవీయే కల్పితమా అన్నది తర్వాతి ప్రశ్న. యూపీఐ రిఫరెన్స్ నంబర్‌లో 12 అంకెలుంటాయి. సాధారణంగా మొదటిది సంవత్సరం చివరి అంకె, తర్వాతి మూడూ ఆ ఏడాదిలో అది ఎన్నో రోజో చెబుతాయి. 2025 ఆగస్టు 14 అంటే 226వ రోజు, కాబట్టి 5226తో మొదలవ్వాలి. ఇక్కడ అలాగే ఉంది. అంటే డబ్బు నిజంగానే వచ్చి ఉండాలి, మొత్తం మాత్రమే మార్చి ఉండాలి. వేరే తేదీ వరుసను కాపీ చేసి దూర్చి ఉంటే ఈ నంబరు తేదీతో కలిసేది కాదు. అర్ధరాత్రి దగ్గర జరిగినవాటికి మాత్రం ఒక రోజు తేడాను పట్టించుకోకండి.

సమస్య: లెక్క అంతా కుదిరింది, అయినా నమ్మకం కలగడం లేదు

నాలుగో పేజీ కూడా సరిచేసి ఉంటే నా ఫార్ములా ఏమీ చెప్పేది కాదు. అప్పుడు వడ్డీ చూడాలి. సేవింగ్స్ ఖాతాలో వడ్డీని ప్రతి రోజు చివరి బ్యాలెన్స్ మీద లెక్కిస్తారు. దొంగ 75,600 ఆగస్టు 14 నుంచి సెప్టెంబర్ 30 దాకా, అంటే 48 రోజులు ఖాతాలో ఉన్నట్టు చూపితే, ఏడాదికి 2.5 శాతం చొప్పున సుమారు 249 రూపాయలు ఎక్కువ వడ్డీ పడాలి. పడకపోతే ఆ డబ్బు అక్కడ లేనట్టే. కరెంట్ ఖాతాకు ఈ పరీక్ష పనికిరాదు, వాటికి మామూలుగా వడ్డీ ఉండదు.

సెలవుల విషయంలో మన సరిహద్దులో జాగ్రత్త అవసరం. 2025 జూన్ 27 రథయాత్ర, ఒడిశాలో బ్యాంకులకు సెలవు. ఆ రోజు కౌంటర్‌లో నగదు కట్టినట్టుంటే ఉలిక్కిపడతాం. కానీ పక్కనే ఉన్న పాతపట్నం ఆంధ్రలో ఉంది, అక్కడ బ్రాంచి తెరిచే ఉంటుంది. బ్రాంచి కోడ్ చూశాకే మాట్లాడాలి.

అక్షరాల తీరు, ఒక్క వరుసలోనే కామాకు బదులు చుక్కతో 84.000 అని ఉండటం, అంకెలు కుడి అంచుకు సరిగ్గా ఆనకపోవడం లాంటివి అనుమానానికి పనికొస్తాయి. అయితే పాస్‌వర్డ్ తీసేయడానికి మళ్లీ పీడీఎఫ్‌గా సేవ్ చేసినా ఫైల్ వివరాలు మారతాయి. దాన్నే పట్టుకుని మనిషిని దొంగ అనకండి.

పరిష్కారం: అసలు కాపీ బ్యాంకు నుంచే తెప్పించండి

ఖాతాదారు అనుమతితో అకౌంట్ అగ్రిగేటర్ ద్వారా డేటా నేరుగా బ్యాంకు నుంచి వస్తుంది, మధ్యలో ఎవరి చెయ్యీ పడదు. అది కుదరకపోతే పాస్‌బుక్ తాజాగా ప్రింట్ చేయించి తెమ్మనండి.

ఆయన పాస్‌బుక్ తెచ్చారు. ఆగస్టు 14న 8,400. "బాబూ, ఈ కాగితాలన్నీ ఏజెంటే పెట్టాడు, నాకు తెలీదు" అన్నారు, చేతులు వణుకుతున్నాయి. అది నిజమో కాదో నేను తేల్చలేను, ఫైల్ మాత్రం మేనేజర్‌కు రాతపూర్వకంగా పంపాను. అదే ఏజెంటు తెచ్చిన మిగతా ఫైళ్లు ఆ సాయంత్రమే బయటికి తీసి, ప్రతి స్టేట్‌మెంట్‌లో పేజీ మారే చోట్లు చూడటం మొదలుపెట్టాను.