కమీషన్ వాపసు అడగబోయే ముందు రద్దు పత్రంలో ఏం రాశారో చూడండి

గత నెల మా వీధిలోని ఒక కుటుంబం హైదరాబాద్ శివారులో 200 గజాల ప్లాటును 50 లక్షలకు ఖాయం చేసుకుని, అగ్రిమెంటు రోజునే బ్రోకరుకు ఒక శాతం లెక్కన 50 వేలు ఫోన్‌పేలో పంపింది. ఈసీలో ఏ తేడా కనిపించలేదు. రిజిస్ట్రేషన్ వారంలో ఉందనగా, అమ్మకందారు సోదరి తన వాటా కోసం వేసిన దావా కోర్టులో నడుస్తోందని తెలిసింది. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే ఉంటాయి కాబట్టి ఇలాంటి దావా సాధారణంగా అందులో దొరకదు.

అడ్వాన్సు తిరిగి వచ్చింది. కమీషన్ అడిగితే మాత్రం బ్రోకరు వాళ్లే సంతకం చేసిన రద్దు పత్రాన్ని ముందు పెట్టాడు. అందులో "ఉభయుల సమ్మతితో, వ్యక్తిగత కారణాల వల్ల అగ్రిమెంటును రద్దు చేసుకుంటున్నాము, ఇకపై ఎవరికీ ఎవరిపైనా ఏ హక్కూ లేదు" అని ఉంది.

ఇదే అసలు పొరపాటు. అడ్వాన్సు చేతికి వస్తుందన్న ఆత్రంలో, ఆ పత్రాన్ని రాసుకొచ్చినది బ్రోకరే అన్న సంగతి ఎవరూ పట్టించుకోరు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 219వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే పని పూర్తయ్యాకే ఏజెంటుకు ప్రతిఫలం దక్కాలి. తప్పుగా నడుచుకున్న ఏజెంటుకు ఆ పనికి ప్రతిఫలం లేదని 220వ సెక్షను చెబుతుంది. అయితే బేరం మీ ఇష్టంతోనే ఆగిందని మీరే రాసిచ్చాక ఈ రెండు సెక్షన్లనూ పట్టుకుని వాదించడం కష్టమవుతుంది. అగ్రిమెంటు జరిగితే చాలు కమీషన్ చెల్లుతుందని ముందే రాసిచ్చి ఉంటే, దావా సంగతి బ్రోకరుకు నిజంగా తెలియకపోయి ఉంటే, మీ వాదన ఇంకా బలహీనపడుతుందని కూడా గుర్తుంచుకోండి.

రద్దు పత్రంలో కారణం స్పష్టంగా ఉండాలి: "ఫలానా నంబరు దావా పెండింగులో ఉన్నందున, ఆ విషయం మాకు ముందుగా చెప్పనందున." హక్కులు లేవన్న వాక్యం తప్పనిసరి అంటే, అది అమ్మకందారుకు మాత్రమే వర్తిస్తుందని, బ్రోకరుకు ఇచ్చిన సొమ్ముకు వర్తించదని చేర్చండి. అసలు అగ్రిమెంటును బ్రోకరు చేతికి ఇవ్వవద్దు. ఇవ్వక తప్పకపోతే ప్రతి పేజీకీ ఫొటో తీసుకోండి. ఈ-కోర్టుల సైటులో అమ్మకందారు పేరుతో వెతికి, దావా దాఖలైన తేదీ మీ అగ్రిమెంటు కంటే ముందుదని చూపే పేజీని ప్రింటు తీయండి. టైటిల్ క్లియర్ అని బ్రోకరు పంపిన వాట్సాప్ సందేశాలను చెరపవద్దు. నగదుగా ఇచ్చి ఉంటే, గొడవ ముదరకముందే "ఫలానా తేదీన ఇచ్చిన 50 వేలు ఎప్పుడు ఇస్తారు?" అని మర్యాదగా రాయండి, ఎందుకంటే "వచ్చే నెల చూద్దాం" అన్న జవాబే రసీదులా పనికొస్తుంది. ఫోన్‌లో బెదిరించవద్దు. 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, అక్‌నాలెడ్జ్‌మెంటు దాచండి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలంటే గడువు 2 సంవత్సరాలు. సగం ఇస్తానంటే, అది సగమేనని రాసి తీసుకోండి. రద్దు పత్రాన్ని ఇంటికి తెచ్చుకుని, మరునాడు సంతకం చేయండి.