రక్తపు మరకలున్న కత్తిని ల్యాబ్‌కు పంపే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

కోనసీమలో కాలువ గట్టున దొరికిన కొబ్బరి కత్తి తడిగా ఉంటే, దాన్ని నీడలో ఆరనిచ్చి కాగితపు కవరులోనే పెట్టాలి. ప్లాస్టిక్ సంచిలో తేమ నిలిచి, మన ఉక్కపోతకు రక్తం త్వరగా కుళ్లిపోతుంది. స్వాధీనానికి సాక్షులుగా ఉన్న మధ్యవర్తుల సంతకాలున్న చీటీ అంటించి, లక్క సీలు వేసి, ఆ సీలు నమూనాను వేరుగా ల్యాబ్‌కు పంపాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది, స్టేషన్‌లో స్వాధీన వస్తువులు భద్రపరిచే గది అయిన మాల్ఖానా రిజిస్టరు. కత్తి 12వ తేదీన స్వాధీనమై, 16న కానిస్టేబుల్ చేతికి వెళ్లి, 19న ల్యాబ్‌కు చేరిందనుకోండి. 16 నుంచి 19 వరకు ఆ మూడు రోజులు అది ఎక్కడుందో రాసి లేకపోతే, డీఎన్ఏ నివేదిక ఎంత సరైనదైనా, పరీక్షించిన రక్తం ఆ కత్తిదేనా, మధ్యలో అంటిందా అని డిఫెన్స్ న్యాయవాది అడుగుతారు. ఆ అనుమానపు లాభం నిందితుడికే దక్కవచ్చు. ఆలస్యమైనంత మాత్రాన కేసు వీగిపోదు. సీలు చెదరకుండా నమూనాతో సరిపోలిందని ల్యాబ్ రాసి, తీసుకెళ్లిన కానిస్టేబుల్ సాక్ష్యం చెబితే కోర్టు నమ్మవచ్చు. అందుకే అప్పగించినవారు, అందుకున్నవారు ఇద్దరూ తేదీ, సమయం వేసి సంతకం చేశాకే కవరు గది దాటాలి.