mtr లో మధ్య హాప్ దగ్గర లాస్ కనిపిస్తే: అది నిజమో కాదో ఎలా తేల్చుకోవాలి?

mtr అనేది మీ కంప్యూటర్ నుంచి సర్వర్ దాకా దారిలో ఉన్న రౌటర్లను, అంటే హాప్‌లను, ఒక్కో లైన్‌లో చూపించి, ఒక్కోదాని నుంచి ఎన్ని జవాబులు రాలేదో లాస్ శాతంగా చెప్పే టూల్. దాని రిపోర్టులో మధ్యన ఒక్క లైన్ మాత్రం 60 శాతం లాస్ చూపించి, దాని కిందున్న లైన్లన్నీ సున్నా చూపిస్తే, అక్కడ మీ ప్యాకెట్లు పోవడం లేదు. ఆ రౌటర్ మీ ప్యాకెట్లను ముందుకు పంపుతూనే ఉంది. మీకు జవాబులివ్వడం మాత్రం తగ్గించుకుంది. ఈ తేడా తెలియక ఇంటర్నెట్ కంపెనీకి పెట్టే కంప్లైంట్లు చాలా ఉంటాయి. అసలు సమస్య వేరేచోట అలాగే ఉండిపోతుంది. అందుకే ఆ లైన్ చదివే పద్ధతిని ఒక ఉదాహరణతో వివరంగా చెప్తాను.

బెంగళూరు మారతహళ్ళిలో మా ఫ్లాట్‌లో ఉండే తమ్ముడికి ఆఫీసు సర్వర్ ముంబైలో ఉంది. రాత్రిపూట మీటింగుల్లో మాట తెగిపోతోందని mtr నడిపి చూపించాడు. "అన్నా, నాలుగో హాప్‌లో 62 శాతం పోతోంది, ఇప్పుడే కంప్లైంట్ పెట్టేస్తాను" అన్నాడు. "ఆగరా, ముందు చివరి లైన్ చూడు" అన్నాను. మీరూ అక్కడి నుంచే మొదలుపెట్టండి.

ముందు రిపోర్టు సరిగ్గా తీయండి

```
mtr -n -r -w -c 100 203.0.113.80
```

`-r` అంటే రిపోర్టుగా ఇవ్వమని, `-c 100` అంటే ఒక్కో హాప్‌కు వంద ప్యాకెట్లు పంపమని. `-n` పెడితే పేర్ల కోసం వెతక్కుండా అంకెల అడ్రసులే చూపిస్తుంది. 203.0.113.80 బదులు మీ సర్వర్ అడ్రసు పెట్టండి. రిపోర్టు దాదాపు రెండు నిమిషాల్లో వస్తుంది. మామూలుగా రిపోర్టుకు mtr పదిసార్లే పంపుతుంది. పదిలో ఒక్కటి పోయినా 10 శాతం అని కనిపిస్తుంది, ఆ అంకెను పట్టుకుని టెన్షన్ పడనక్కర్లేదు. వందకు తగ్గకుండా పంపండి. మ్యాక్‌లో ముందు `sudo` పెట్టాలి. విండోస్‌లో ఇదే పని WinMTR చేస్తుంది.

మా తమ్ముడికి వచ్చిన రిపోర్టు ఇలా ఉంది. అడ్రసులు మాత్రం మార్చాను.

```
HOST: laptop          Loss%  Snt  Last   Avg  Best  Wrst StDev
 1.|-- 192.168.1.1     0.0%  100   1.8   2.1   1.2   6.4   0.7
 2.|-- 10.20.0.1       0.0%  100   4.0   4.3   3.1   9.8   1.0
 3.|-- 198.51.100.9    0.0%  100   5.2   5.6   4.4  11.3   1.1
 4.|-- 198.51.100.33  62.0%  100  31.7  38.4  10.9  96.5  21.2
 5.|-- 198.51.100.70   0.0%  100  24.0  24.4  23.1  29.9   1.2
 6.|-- 192.0.2.18      0.0%  100  24.6  24.9  23.5  31.0   1.3
 7.|-- 203.0.113.80    0.0%  100  25.1  25.3  24.0  30.8   1.1
```

చివరి లైన్ నుంచి పైకి చదవండి

ఏడో లైన్ సర్వర్. దానికి వంద పంపితే వందకీ జవాబొచ్చింది. ఏడో హాప్‌కు వెళ్ళాల్సిన ప్రతి ప్యాకెట్టూ నాలుగో హాప్ మీదుగానే వెళ్ళాలి. నాలుగో రౌటర్ నిజంగా వందలో 62 పారేస్తుంటే ఐదు, ఆరు, ఏడు లైన్లలో కూడా అంతే లాస్ కనిపించాలి. కనిపించలేదు. అంటే నాలుగో హాప్ దగ్గర దారి బాగానే ఉంది.

Avg గడి కూడా ఇదే మాట చెప్తోంది. నాలుగో హాప్‌కు సగటున 38 మిల్లీసెకన్లు పడితే, దానికన్నా దూరంలో ఉన్న సర్వర్‌కు 25 మాత్రమే పట్టింది. ముందుకెళ్ళే ప్యాకెట్లు అక్కడ ఆగడం లేదు, ఆ రౌటర్ జవాబివ్వడమే ఆలస్యం చేస్తోంది.

రౌటర్ ఎందుకు జవాబివ్వదు

mtr పంపే ప్యాకెట్‌లో టీటీఎల్ అనే అంకె ఒకటి ఉంటుంది. ప్రతి రౌటర్ దాన్ని ఒకటి తగ్గిస్తుంది. సున్నా అయిన చోట ప్యాకెట్‌ను పారేసి, "గడువు తీరింది" అన్న ఐసీఎంపీ సందేశాన్ని పంపినవాళ్ళకు తిప్పి పంపుతుంది. mtr టీటీఎల్ 1తో ఒకటి, 2తో ఒకటి, 3తో ఒకటి అలా పంపుతూ, తిరిగొచ్చే సందేశాలను బట్టి దారిలో ఉన్న రౌటర్లను కనిపెడుతుంది.

పెద్ద రౌటర్లలో ప్యాకెట్లను ముందుకు పంపే పని ప్రత్యేకమైన చిప్‌లు చేస్తాయి. ఐసీఎంపీ సందేశం తయారుచేసే పని మాత్రం చాలావరకు రౌటర్ సీపీయూ మీద పడుతుంది. దారులు లెక్కగట్టడం, పక్క రౌటర్లతో మాట్లాడటం లాంటి ముఖ్యమైన పనులు కూడా అదే చూసుకోవాలి. సిల్క్ బోర్డ్ జంక్షన్‌లో ట్రాఫిక్ పోలీసు బళ్ళను ఆపకుండా వదులుతూనే ఉంటాడు కానీ, దారి అడిగిన ప్రతివాళ్ళకూ నిలబడి చెప్పలేడు కదా. రౌటర్ పరిస్థితీ అంతే. అందుకని సెకనుకు ఇన్ని సందేశాలే పంపాలని పరిమితి పెడతారు, దీన్నే రేట్ లిమిట్ అంటారు. ఇది తప్పు కాదు, లోపమూ కాదు. రౌటర్లు ఎలా ఉండాలో చెప్పే 1995 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1812 కూడా ఇలాంటి సందేశాలను పరిమితం చేసే వీలు రౌటర్‌లో ఉండాలంటుంది.

ఆ పరిమితి మీ ఒక్కరి కోసమే ఉండకపోవచ్చు. పెద్ద రౌటర్ల మీద ఎందరో ఒకేసారి mtr, traceroute నడుపుతుంటారు. అందరికీ కలిపి ఒకే కోటా ఉంటే మీ వాటాకు వచ్చేది ఎప్పుడూ ఒకేలా ఉండదు. అందుకే పొద్దున 20 శాతం చూపించిన హాప్ రాత్రి 70 చూపిస్తుంది.

అనుమానం తీరకపోతే ఇంట్లోనే చూడండి

చాలా ఇంటి రౌటర్లు లైనక్స్ మీద నడుస్తాయి. లైనక్స్‌లో `net.ipv4.icmp_ratelimit` అనే సెట్టింగ్ మామూలుగా 1000 మిల్లీసెకన్లు ఉంటుంది. అంటే ఒక అడ్రసుకు ఇలాంటి సందేశాలు సుమారుగా సెకనుకు ఒకటి, మొదట్లో కొన్ని అదనంగా పంపుతుంది. ఇప్పుడు ఇది నడపండి, 192.168.1.1 బదులు మీ రిపోర్టు ఒకటో లైన్‌లోని అడ్రసు పెట్టి:

```
sudo mtr -n -r -c 100 -i 0.1 -m 1 203.0.113.80
ping -c 100 192.168.1.1
```

మొదటి కమాండ్ సెకనుకు పది చొప్పున మీ రౌటర్‌ను మాత్రమే అడుగుతుంది. `-m 1` వల్ల దాన్ని దాటి ముందుకు పోదు. రౌటర్‌లో ఆ సెట్టింగ్ ఉంటే ఇందులో భారీ లాస్ కనిపిస్తుంది. రెండోది అదే రౌటర్‌ను నేరుగా పింగ్ చేస్తుంది. పింగ్‌కు ఇచ్చే జవాబు ఆ పరిమితి కిందకు రాదు కాబట్టి, వైఫై బాగుంటే లాస్ సున్నా ఉంటుంది. రౌటర్ అదే, గోడ పక్కనే ఉంది, ఒక లెక్కలో బాగుంది, ఇంకో లెక్కలో చెడిపోయింది. దీన్ని ఒకసారి కళ్ళారా చూస్తే నాలుగో హాప్ సంగతి ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

దూరపు హాప్‌ను పరీక్షించాలంటే మాత్రం వేగం పెంచకండి, తగ్గించండి. `-i 3` పెట్టి మూడు సెకన్లకు ఒకటి పంపండి. వంద పూర్తవడానికి ఐదు నిమిషాలు పడుతుంది. ఆ హాప్ లాస్ బాగా తగ్గితే రేట్ లిమిటే అని తేలిపోతుంది. తగ్గకపోయినా రేట్ లిమిట్ కాదని అనుకోకూడదు, కోటాను మిగతావాళ్ళు వాడేస్తుండొచ్చు. అప్పుడూ తీర్పు చివరి లైన్‌దే.

సమస్య ఉన్నప్పుడు మళ్ళీ తీయండి

చాలామంది వదిలేసే మెట్టు ఇదే, నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనదీ ఇదే. మా వాడు పై రిపోర్టు తీసింది మధ్యాహ్నం, అప్పుడు కాల్స్ బాగానే ఉన్నాయి. రాత్రి మాట తెగుతున్నప్పుడు అదే కమాండ్ మళ్ళీ నడిపించాను. Loss% గడి వరకు ఇది:

```
 1.|-- 192.168.1.1     4.0%
 2.|-- 10.20.0.1       4.0%
 3.|-- 198.51.100.9    5.0%
 4.|-- 198.51.100.33  64.0%
 5.|-- 198.51.100.70   3.0%
 6.|-- 192.0.2.18      5.0%
 7.|-- 203.0.113.80    4.0%
```

కంటికి ముందు ఆనేది ఇప్పుడు కూడా నాలుగో లైనే. కానీ కాల్ బాగున్నప్పుడు 62, పాడైనప్పుడు 64. అది సమస్యతో పాటు మారలేదు. మారింది మిగతా లైన్లు. ఒకటో లైన్‌లో మొదలైన నాలుగు శాతం చివరిదాకా అలాగే వెళ్ళింది. నిజమైన లాస్ గుర్తు అది: ఎక్కడ మొదలైతే అక్కడి నుంచి కిందికి ప్రతి లైన్‌లోనూ ఉంటుంది. 3, 4, 5 అని కొద్దిగా మారడం మామూలే, ఎందుకంటే ఒక్కో హాప్‌కు వెళ్ళే వంద ప్యాకెట్లు వేరువేరు. వాయిస్ కాల్‌ను పాడుచేయడానికి ఆ నాలుగు శాతం చాలు.

మొదలైంది ఒకటో హాప్ దగ్గర. అంటే ల్యాప్‌టాప్‌కూ ఇంటి రౌటర్‌కూ మధ్య, వైఫైలో. రాత్రి అపార్ట్‌మెంట్‌లో అందరి వైఫైలూ ఒకేసారి నడుస్తాయి, వాడి ల్యాప్‌టాప్ రద్దీగా ఉన్న 2.4 గిగాహెర్ట్జ్ మీద ఉంది. ల్యాన్ కేబుల్ పెట్టి మళ్ళీ తీస్తే నాలుగో లైన్ తప్ప అన్నీ సున్నాకి వచ్చాయి, కాల్ కూడా కుదుటపడింది. నాలుగో హాప్ మీద కంప్లైంట్ పెట్టి ఉంటే వారాలు గడిచినా మాట తెగుతూనే ఉండేది.

చివరి లైన్‌లోనే లాస్ ఉంటే

పైవన్నీ సున్నా ఉండి చివరిది మాత్రమే లాస్ చూపిస్తే వెంటనే నమ్మకండి. సర్వర్ గానీ దాని ముందున్న ఫైర్‌వాల్ గానీ పింగ్‌లను తగ్గిస్తుండొచ్చు. సర్వర్ నిజంగా ఏ పోర్ట్‌లో పనిచేస్తుందో ఆ పోర్ట్‌తోనే అడగండి:

```
sudo mtr -n -r -w -c 100 -T -P 443 203.0.113.80
```

ఇక్కడ ఐసీఎంపీ బదులు టీసీపీ కనెక్షన్ అడిగే ప్యాకెట్లు వెళ్తాయి. చివరి లైన్ సున్నాకి వస్తే సర్వర్ బాగున్నట్టే. మధ్య హాప్‌లు మాత్రం ఈ పద్ధతిలోనూ ఐసీఎంపీతోనే జవాబిస్తాయి కాబట్టి నాలుగో లైన్ అలాగే ఉంటుంది. ఒక హాప్ `???` అని వంద శాతం లాస్ చూపించినా, కింద లైన్లు బాగుంటే అదీ పట్టించుకోనక్కర్లేదు. అసలు జవాబే ఇవ్వొద్దని ఆ రౌటర్‌కు చెప్పి ఉంచారంతే.

ఎవరికి ఏం పంపాలి

లాస్ రెండో హాప్ దగ్గరో, ఆ తర్వాతో మొదలై చివరిదాకా సాగితే, కేబుల్ పెట్టినా పోకపోతే, అప్పుడు కంప్లైంట్ పెట్టండి. సమస్య ఉన్నప్పటి రిపోర్టు, లేనప్పటి రిపోర్టు రెండూ టైముతో సహా పంపండి. "ఈ హాప్ చెడిపోయింది" అని రాయకుండా "ఈ హాప్ నుంచి చివరిదాకా నాలుగు శాతం లాస్ ఉంది" అని రాయండి. అలా రాస్తే రేట్ లిమిట్ అని కొట్టిపారేయలేరు.

మీ mtr ఒక్కటే చెప్పలేనిది ఒకటుంది. జవాబులు వెళ్ళిన దారినే తిరిగి రావాలని లేదు. ప్యాకెట్ సర్వర్‌ను చేరి, జవాబు తిరిగొచ్చే దారిలో తప్పిపోయినా మీ రిపోర్టులో అది లాస్‌గానే పడుతుంది, ఎక్కడ పోయిందో తెలియదు. సర్వర్‌లోకి లాగిన్ అయ్యే వీలుంటే అక్కడి నుంచి మీ ఇంటి పబ్లిక్ అడ్రసుకు అదే కమాండ్ నడిపి, ఆ రిపోర్టు కూడా జత చేయండి.