మసి లేని తాటాకు: గంటం గీతలు ఫొటోలో కనపడకపోతే

పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు తెలుగు ఇళ్లలో అటకల మీద ఉండే తాటాకు కట్టల్లో కొన్ని ఆకులు చూడ్డానికి ఖాళీగా ఉంటాయి. వాటి మీద రాత ఉంటుంది. గంటంతో గీసి మసి పట్టించకుండా వదిలేసినవి కొన్ని, పట్టించిన మసి రాలిపోయినవి కొన్ని. అక్కడ అక్షరమంటే రంగు కాదు, సన్నని గాడి. పైనుంచి వెలుగు వేస్తే గాడికి నీడ ఉండదు కాబట్టి ఫొటోలో ఏమీ రాదు. పక్కనుంచి, ఆకు మీదుగా పాకినట్టు పోయే వెలుగు వేయాలి.

ఇంట్లోవాళ్లు ముందు అనేమాట "కాస్త మసి పూసి చూద్దాం" అని. ఫొటోలు తీసేదాకా ఆ పని వద్దు. మసి గాడిలోకే కాదు, పగుళ్లలోకీ పురుగు తొలిచిన దారుల్లోకీ దిగుతుంది. ఆ తర్వాత ఏది గీతో ఏది పగులో విడదీయడం చాలా కష్టం.

సమస్య: టార్చి పక్కనే పెట్టినా అక్షరాలు వెలవెలబోతున్నాయి

కారణం ఎక్కువగా గదిలోని మిగతా వెలుగు. కిటికీ సందులోంచి వచ్చేది కూడా నీడల్ని నింపేస్తుంది. కెమెరా సెట్టింగులు మార్చకుండా టార్చి ఆర్పి ఒక ఫొటో తీయండి. అది దాదాపు నల్లగా రావాలి. ఆకు ఆనవాలు తెలుస్తుంటే కిటికీలకు దుప్పట్లు కట్టండి, లేదా చీకటి పడ్డాక పని పెట్టుకోండి.

రెండో కారణం టార్చి ఎత్తు. ఆకుకు 60 సెం.మీ. దూరంలో, ఆకు మట్టానికి 10 సెం.మీ. ఎత్తులో పెడితే వెలుగు దాదాపు 10 డిగ్రీల వాలులో పడుతుంది. మొదలుపెట్టడానికి అది సరైన చోటు. ఆకు వంకర తిరిగి ఉంటే ఒక భాగం మెరిసి మరో భాగం చీకట్లో పడుతుంది. అప్పుడు ఎత్తు 16 సెం.మీ.కు పెంచితే వాలు 15 డిగ్రీలవుతుంది. వంకర తీయడానికి అద్దం పెట్టి నొక్కకండి, ఎండిన ఆకు పీచు వెంబడి చీలుతుంది. రెండు చివర్లా ఇసుక నింపిన చిన్న గుడ్డ సంచులు ఆనిస్తే చాలు.

సమస్య: అక్షరాలకు బదులు ఆకు పీచే కనిపిస్తోంది

తాటాకు పీచు పొడవునా పోతుంది. పొడుగు అంచు వైపునుంచి వెలుగు వేస్తే ప్రతి పీచుకూ నీడ పడి, ఫొటో నిండా అడ్డచారలే వస్తాయి. శ్రీతాళం ఆకు నునుపు కాబట్టి ఈ బాధ తక్కువ, తాటాకులో చాలా ఎక్కువ.

టార్చిని ఆకు కొసకు మార్చండి. చారలు పోతాయి. వెంటనే ఇంకో చిక్కు వస్తుంది.

సమస్య: అక్షరాల్లో సగం గీతలు మాయం

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన చిక్కు. వెలుగు పోయే దిక్కులోనే ఉన్న గీతకు నీడ పడదు. కొసనుంచి వెలుగు వేస్తే నిలువు గీతలు చక్కగా వస్తాయి, అడ్డగీతలు మాయమవుతాయి. సున్నను దగ్గరగా చూడండి: పైవంపూ కింది వంపూ పోయి, ఎదురెదురుగా రెండు బ్రాకెట్లు మిగులుతాయి. 'ప', 'వ'ల తేడా పైన గీత కలిసిందా లేదా అన్న దగ్గరే ఉంది, పోయేది సరిగ్గా ఆ ముక్కే. అలాంటి ఫొటో చూసి చదివితే పాఠమే మారిపోతుంది.

ఒకే ఫొటోతో ఇది తీరదు. ఆకును గడియారం ముఖం మీద అడ్డంగా పెట్టినట్టు అనుకోండి: కొసలు 9, 3 దగ్గర, పొడుగు అంచులు 12, 6 వైపు. టార్చిని 2, 4, 8, 10 అంకెల దగ్గర పెట్టి నాలుగు ఫొటోలు తీయాలి. ఆకు పొడవుకు 30 డిగ్రీల ఏటవాలులో వచ్చే ఆ వెలుగుకు అడ్డగీతలు కూడా నీడనిస్తాయి. పీచు కొంత కనిపిస్తుంది కానీ, గంటం గాడి పీచుకన్నా లోతు కాబట్టి అదే పైచేయి అవుతుంది.

ఇక కొలత. 40 సెం.మీ. ఆకును 6000 పిక్సెళ్ల వెడల్పు కెమెరాతో ఒకే ఫ్రేములో తీస్తే సెంటీమీటరుకు 150 పిక్సెళ్లు వస్తాయి. గీత వెడల్పు 0.15 మి.మీ. అనుకుంటే దానికి దక్కేది రెండు పిక్సెళ్లు. అది చాలదు. అదే ఆకును 16 సెం.మీ. చొప్పున, అంచులు ఒకదానిమీదొకటి వచ్చేలా మూడు ముక్కలుగా తీస్తే గీతకు ఐదారు పిక్సెళ్లు దక్కుతాయి. ముక్కకు నాలుగు చొప్పున ఆకు ఒక వైపుకు 12 ఫొటోలు.

కెమెరా మాన్యువల్‌లో ఉండాలి: ఐఎస్ఓ 100, ఎపర్చరు ఎఫ్/8, రా ఫైలు, ఫోకస్ కూడా మాన్యువల్. షట్టర్ వేగం ఒక్కసారి చూసుకుని నాలుగింటికీ అదే ఉంచండి. కెమెరా ఆకుకు సమాంతరంగా ఉందో లేదో తెలుసుకోవడానికి ఆకు పెట్టే చోట చిన్న అద్దం ఉంచి చూడండి. లెన్సు ప్రతిబింబం సరిగ్గా ఫ్రేము మధ్యలో కనపడాలి.

ఈ నాలుగు ఫొటోలనూ ఒకే బొమ్మగా కలపడానికి ఉచితంగా దొరికే ఫీజీ అనే కంప్యూటర్ ప్రోగ్రాం చాలు. రా ఫైళ్లను ఒకే సెట్టింగుతో 16 బిట్ టిఫ్‌గా మార్చి, నలుపు తెలుపు చేసి, ఒక ముక్క తాలూకు నాలుగూ తెరిచి ఈ వరుసలో వెళ్లండి:

```
Image > Stacks > Images to Stack
Process > FFT > Bandpass Filter...  (40, 3)
Image > Stacks > Z Project...  (Standard Deviation)
Edit > Invert
```

రెండో మెట్టు టార్చి వైపు ఎక్కువ, అవతల తక్కువగా ఉండే వెలుగు తేడాను తీసేస్తుంది. అది నాలుగు ఫొటోలకూ వర్తించాలి. మూడోది, వెలుగు మారినప్పుడల్లా ఎక్కడ పిక్సెల్ ఎక్కువగా మారిందో లెక్కిస్తుంది. అలా మారేది గాడి గోడలే. చివరికి లేత నేపథ్యం మీద ముదురు అక్షరాలు వస్తాయి. బ్యాండ్‌పాస్‌లో `Suppress stripes` అనే ఎంపికలో `Horizontal` పెడితే పీచు ఇంకా తగ్గుతుంది గానీ, కష్టపడి రప్పించిన అడ్డగీతలూ దాంతోపాటే పలచబడతాయి. దాన్ని `None` దగ్గరే ఉంచడం మేలు.

సమస్య: కలిపిన బొమ్మలో ప్రతి గీతా జంటగా కనిపిస్తోంది

ఫొటోల మధ్య కెమెరా కదిలింది, లేదా ఆకు కదిలింది. హాలోజెన్ దీపం వేడికి ఆకు మెల్లగా ముడుచుకుంటుంది, కాబట్టి ఎల్‌ఈడీ టార్చే వాడండి. కట్ట విప్పాక ఆకును బల్ల మీద పది నిమిషాలు ఉంచి మొదలుపెట్టండి. షట్టర్‌ను రెండు సెకన్ల టైమరుతో నొక్కండి. ప్రోగ్రాంతో సర్దించడం కన్నా ఆ నాలుగూ మళ్లీ తీయడమే తక్కువ పని.

సమస్య: తిరగబడ్డ అక్షరాలు కలగలిసి వస్తున్నాయి

అవి వెనక వైపు రాత. గంటం ఒత్తిడికి పలచని ఆకు ఇవతలికి ఉబ్బుతుంది. విడివిడి ఫొటోలో వీటిని గుర్తుపట్టొచ్చు: గాడికి టార్చి వైపు గోడ చీకటిగా, అవతలి గోడ వెలుగుగా ఉంటుంది, ఉబ్బుకు సరిగ్గా ఎదురు. అయితే వెలుగు కిందనుంచి వచ్చిన ఫొటోలో మన కన్ను గాడినే ఉబ్బుగా చూస్తుంది. 4, 8 దగ్గర తీసినవాటిని తలకిందులుగా తిప్పి చూడండి.

సమస్య: కాంట్రాస్టు పెంచేకొద్దీ లేని అక్షరాలు పుడుతున్నాయి

`Enhance Local Contrast (CLAHE)`లో మొదట ఉండే 127, 256, 3 అంకెలు చాలు. మూడోదాన్ని 10 దాకా లాగితే మరకలూ పీచులూ కూడా అక్షరాల్లా నిలబడతాయి. అనుమానం వచ్చిన గీతను మార్పులు చేయని 2, 8 ఫొటోల్లో పక్కపక్కన చూడండి. నిజమైన గాడి అయితే నీడ ఒక గోడనుంచి ఎదుటి గోడకు మారుతుంది. మరకైనా మిగిలిన మసైనా రెంటిలోనూ ఒకేలా ఉంటుంది. మారని గీతను పాఠంలో అక్షరంగా రాయకండి, ఆ చోట చుక్కలు పెట్టి వదలండి.

గాడి లేకుండా సిరాతో మాత్రమే రాసిన ఆకుకు ఈ పద్ధతి ఏమీ చేయలేదు. మసి సిరా అయితే ఇన్‌ఫ్రారెడ్ ఫొటోలో నల్లగా నిలుస్తుంది, గోధుమరంగు మరకలు లేతబడతాయి. అలాగే అరిగి పైపొర ఊడిన చోట, పురుగు తిన్న చోట ఏ వెలుగూ అక్షరాన్ని తెచ్చిపెట్టదు.