లోలకం రికార్డులో 9.81 అని దింపేయకండి

అనంతపురంలో ఇంటర్ చదివే మా తమ్ముడు లోలకం రికార్డు తెచ్చి చూపించాడు. గురుత్వ త్వరణం g కి జవాబు సరిగ్గా 9.81. అక్కడే దొరికిపోయాడు, ఎందుకంటే మన ఊళ్లో g 9.78 దగ్గర ఉంటుంది. భూమధ్యరేఖకు దగ్గరయ్యే కొద్దీ అది తగ్గుతుంది.

ఉద్దేశం, పరికరాలు, పట్టిక ఎవరైనా రాస్తారు. అసలు పని దోషాల లెక్కలో ఉంది. మళ్లీ చేయించాం. దారం 98.9 సెం.మీ., గుండు వ్యాసార్థం 1.1, అంటే లోలకం పొడవు L = 100.0 సెం.మీ. (వ్యాసార్థం కలపడం మర్చిపోతే g తక్కువ వస్తుంది.) 20 డోలనాలకు 40.2 సెకన్లు, అంటే ఒక్క డోలనానికి పట్టే కాలం T = 2.01 సెకన్లు.

g = 4π²L/T² = 9.77 మీ/సె²

స్కేలుతో పొడవులో 0.2 సెం.మీ. తేడా రావచ్చు, అది 0.2 శాతం. స్టాప్‌వాచ్ నొక్కే చేతితో 0.2 సెకను, అది 0.5 శాతం. T వర్గంలో ఉంది కాబట్టి రెట్టింపై 1 శాతం అవుతుంది. మొత్తం 1.2 శాతం. కాబట్టి రికార్డులో 9.77 ± 0.12 అని రాయాలి. అదే ఒక్క డోలనమే కొలిచి ఉంటే కాలం వల్లనే 20 శాతం పోయేది.

మీకు 10.8 లాంటిది వచ్చిందా? వాచ్ నొక్కుతూనే ‘ఒకటి’ అని ఉంటారు. ‘సున్నా’తో మొదలుపెట్టండి, లేకపోతే లెక్కలో ఉండేవి 19 డోలనాలే.