రికోర్స్ ఉన్న ఫ్యాక్టరింగ్‌లో ఇన్వాయిస్ మీద డబ్బు తీసుకోవడం ఎలా?

సరుకు పంపేశారు, ఇన్వాయిస్ ఇచ్చేశారు, డబ్బు మాత్రం 60 రోజులకు గానీ రాదు. ఆ ఇన్వాయిస్‌ని ఫ్యాక్టరింగ్ కంపెనీకి రాసిచ్చేస్తే విలువలో ఎక్కువ భాగం ముందే అడ్వాన్స్‌గా ఇస్తుంది, మిగతాది రిజర్వ్ కింద ఆపుకొని కొనుగోలుదారు కట్టాక తన ఛార్జీలు పోను ఇస్తుంది. అయితే ఒప్పందంలో రికోర్స్ ఉంటే, కొనుగోలుదారు కట్టకపోయినప్పుడు ఆ భారం మళ్లీ మీ మీదికే వస్తుంది. అందుకే నా లెక్కలో ఇది బాకీని అమ్మేసుకోవడం కాదు, బాకీని చూపించి అప్పు తెచ్చుకోవడం. ఈ పని మొత్తం ఆ దృష్టితోనే చేయాలి.

1. ఏ ఇన్వాయిస్ ఇవ్వాలో తేల్చుకోండి

ఎప్పటికీ వసూలు కాని మొండి బాకీని ఇలా వదిలించుకుందామనుకుంటే కుదరదు, అది తిరిగి మీ దగ్గరికే వస్తుంది, పైగా ఛార్జీలతో సహా. సరుకు అందినట్టు కొనుగోలుదారు సంతకం ఉన్నది, నాణ్యత మీద గొడవ లేనిది, ఇప్పటికే బ్యాంకు దగ్గర తాకట్టులో లేనిది చూసి ఇవ్వండి. అమ్మకం ఒప్పందంలో బాకీని వేరేవాళ్లకు బదలాయించకూడదన్న షరతు ఉందేమో కూడా ముందే చూసుకోవాలి.

2. అసలు ఖర్చు ఎంతో లెక్కేయండి

ఉదాహరణకు 10,00,000 ఇన్వాయిస్, 60 రోజుల గడువు, 80 శాతం అడ్వాన్స్ అనుకుందాం. చేతికి 8,00,000 వస్తుంది. సర్వీస్ ఫీజు 1 శాతం అన్నారు, కానీ అది అడ్వాన్స్ మీద కాదు, మొత్తం ఇన్వాయిస్ మీద, అంటే 10,000. అడ్వాన్స్ మీద ఏడాదికి 12 శాతం వడ్డీ అయితే 60 రోజులకు సుమారు 15,781. రెండూ కలిపి 25,781. కొనుగోలుదారు టైమ్‌కి మొత్తం కడితే రిజర్వ్‌లోంచి అది పోను 1,74,219 మీకు వస్తుంది.

ఇప్పుడు ఆ 25,781ని మీరు వాడుకున్న 8,00,000తో పోల్చి ఏడాదికి మార్చి చూడండి, 19.6 శాతం దాకా తేలుతుంది. చెప్పింది 12, పడింది దాదాపు 20. ఫీజు ఒక్కసారే తీసుకుంటారా, లేక ప్రతి 30 రోజులకూ వేస్తారా అన్నది తప్పకుండా అడగండి, ఎందుకంటే రెండో పద్ధతిలో కొనుగోలుదారు ఆలస్యం చేసేకొద్దీ ఫీజు కూడా పెరుగుతూ పోతుంది.

3. రికోర్స్ క్లాజ్‌ని పదం పదం చదవండి

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. గడువు దాటాక ఎన్ని రోజులకు డబ్బు వెనక్కి అడుగుతారు? ఆ రోజులు ఇన్వాయిస్ తేదీ నుంచా, గడువు తేదీ నుంచా? అడిగినప్పుడు ఎలా వసూలు చేసుకుంటారు?

"రిజర్వ్ 2,00,000 వాళ్ల దగ్గరే ఉంది కదా, అందులోంచి తీసుకుంటారులే" అనుకోకండి. కొనుగోలుదారు ఏమీ కట్టనప్పుడు ఆ రిజర్వ్ వట్టి లెక్క మాత్రమే, అక్కడ అసలు డబ్బే లేదు. మీరు తీసుకున్న 8,00,000 పూర్తిగా, అప్పటిదాకా అయిన ఛార్జీలతో సహా కట్టాలి. మీ చేతిలో లేకపోతే తర్వాతి ఇన్వాయిస్‌లో పట్టుకుంటారు: మీరు కొత్తగా 6,00,000 ఇన్వాయిస్ ఇస్తే రావాల్సిన 4,80,000 అడ్వాన్స్ పాత బాకీకే పోతుంది, ఆ నెల జీతాలకు మీ దగ్గర ఏమీ మిగలదు. అందుకే అలా జమకట్టుకోవడానికి ఒక పరిమితి పెట్టమనో, వాయిదాల్లో కట్టనివ్వమనో సంతకానికి ముందే అడగాలి.

కొనుగోలుదారు కొంత కోసి కట్టినా ఇబ్బందే. సరుకులో లోపముందని 1,50,000 ఆపుకొని 8,50,000 కట్టాడనుకోండి, అడ్వాన్స్, ఛార్జీలు పోగా మీకు చివరికి వచ్చేది 24,219. అదే 2,00,000 కోస్తే రావడం మాట అటుంచి, ఆ 25,781 మీరే ఎదురు కట్టాలి.

4. కొనుగోలుదారుకు ముందే చెప్పండి

ఇకపై ఫలానా ఖాతాకు కట్టమని బదలాయింపు నోటీసు వెళ్తుంది. అది చూసి ఆయన కంగారుపడకుండా ముందు మీరే ఫోన్ చేయండి. పొరపాటున డబ్బు మీ ఖాతాలో పడితే వాడుకోకుండా వెంటనే ఫ్యాక్టర్‌కి పంపేయాలి, దాన్ని అట్టే పెట్టుకోవడం ఒప్పందాన్ని ఉల్లంఘించడమే అవుతుంది.

5. పద్దులో అప్పుగానే రాయండి

అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఎఫ్ఆర్ఎస్ 9 ప్రకారం, బాకీ రాకపోయే రిస్క్ దాదాపు మొత్తం మీ దగ్గరే ఉంటే ఆ బాకీని పద్దులోంచి తీసేయకూడదు. 10,00,000 రావాల్సిన బాకీగానే ఉంటుంది, 8,00,000 అప్పు వైపు చేరుతుంది. రెండూ పక్కపక్కన ఉంటే, గడువు దగ్గరపడే కొద్దీ ఎవరికి ఫోన్ చేయాలో కూడా మీకే తెలుస్తుంది. వసూలు పని ఫ్యాక్టర్‌కి అప్పగించినా సరే, గడువుకు వారం ముందు కొనుగోలుదారు అకౌంట్స్ విభాగంలో ఆ ఇన్వాయిస్ పాస్ అయిందో లేదో మీరే కనుక్కోండి.